బోరు మోటారు మళ్లీ కాలకుండా స్టార్టర్, ఓవర్‌లోడ్ రిలే వైరింగ్ ఎలా చేయాలి?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉంటాను, పొలం చేవెళ్ల దగ్గర. 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ ఏడాదిన్నరలో రెండుసార్లు కాలిపోయింది. రెండుసార్లూ వైండింగ్‌లో రెండు ఫేజులే నల్లబడ్డాయి, మూడోది బాగానే ఉందని షాపులో చెప్పారు. స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే ఉంది, కానీ ఒక్కసారి కూడా ట్రిప్ కాలేదు. డయల్ 14 మీద పెట్టి ఉంది, తగ్గిస్తే ఊరికే పడిపోతుందని మెకానిక్ అంటున్నాడు. ఇప్పుడు కొత్త స్టార్టర్ కొంటున్నాను. వైరింగ్ ఎలా చేయించాలి, రిలే ఎంతకు పెట్టాలి? పెద్దలు చెప్పగలరు.

జవాబు:

మీ షాపు అతను చెప్పిన ఆ ఒక్క మాటలోనే సగం జవాబు ఉంది. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు లోపల స్టార్ కనెక్షన్‌లో ఉంటుంది. పైకి మూడు వైర్లే వస్తాయి. నీళ్లలో ఇసుక వచ్చి పంపు పట్టేసినా, లో వోల్టేజ్‌లో చాలాసేపు నడిచినా మూడు ఫేజుల వైండింగూ దాదాపు ఒకేలా కాలుతుంది. రెండే కాలి మూడోది కొత్తదానిలా మిగిలిందంటే ఆ మూడో ఫేజుకు అసలు కరెంటే రాలేదు, మిగిలిన రెండూ భారమంతా మోశాయి. దీన్నే సింగిల్ ఫేజింగ్ అంటారు. నేను 26 ఏళ్లుగా బోరు మోటార్లు, ప్యానెళ్ల పని చేస్తున్నాను. కాలి వచ్చే మోటార్లలో ఈ రకానివే నాకు ఎక్కువగా కనిపిస్తాయి. కాబట్టి కొత్త స్టార్టర్ ఎంత మంచిది కొన్నా, డయల్ మళ్లీ 14 మీద పెడితే మూడోసారి కూడా కాలుతుంది.

రిలే ఎందుకు పడలేదో ముందు చూద్దాం. 5 హెచ్‌పీ మోటారు నేమ్‌ప్లేట్ మీద సాధారణంగా 9, 10 ఆంపియర్ల దగ్గర రాసి ఉంటుంది. మీది 9.5 అనుకుందాం. మంచి వోల్టేజ్‌లో, మీ బోరు లోతుకు, టంగ్ టెస్టర్, అంటే వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటరు, పెట్టి చూస్తే ఒక్కో వైరులో 8.7 దగ్గర వస్తుందనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయింది. తిరుగుతున్న మోటారు ఆగదు. అదే పనిని రెండు ఫేజులతో లాగుతుంది కాబట్టి ఆ రెండు వైర్లలో కరెంటు దాదాపు 1.73 రెట్లు అవుతుంది. అంటే 15 ఆంపియర్లు.

ఇప్పుడు రిలే వైపు నుంచి చూడండి. థర్మల్ రిలే పెట్టిన కరెంటుకు కొంచెం పైన పోతే వెంటనే పడదు, అలా పడకూడదని ప్రమాణంలోనే ఉంది. పెట్టిన దానికి 1.05 రెట్ల దగ్గర రెండు గంటలైనా పడకూడదు. 1.2 రెట్ల దగ్గర రెండు గంటల లోపు పడాలి. 14 మీద పెట్టిన రిలేకు 15 ఆంపియర్లు అంటే 1.07 రెట్లు మాత్రమే. దానికి అది మామూలు లోడే. పైగా రిలే లోపల ఉండే మూడు బైమెటల్ పట్టీల్లో రెండే వేడెక్కి వంగుతున్నాయి, మూడోది చల్లగా ఉంది. కాబట్టి అది పడలేదంటే చెడిపోయినట్టు కాదు, చెప్పిన పనే చేసింది. అదే రిలేను 9 మీద పెట్టి ఉంటే 15 అంటే 1.67 రెట్లు. 10ఏ క్లాసు, అంటే త్వరగా పడే రకం రిలే అయితే వేడిగా ఉన్న స్థితిలో 1.5 రెట్లకే రెండు నిమిషాల లోపు పడిపోవాలి.

ఇంకో రకంగానూ కాలుతుంది. మోటారు ఆగి ఉన్నప్పుడు ఒక ఫేజు పోయింది. పొలానికి వచ్చినవాళ్లు పచ్చ బటన్ నొక్కుతారు. రెండు ఫేజులతో మోటారు తిరగలేదు, ఉన్నచోటే మూలుగుతూ 50 ఆంపియర్ల దాకా లాగుతుంది. బోరు 300 అడుగుల లోపల ఉంటే ఆ మూలుగు పైకి వినపడదు. నీళ్లు రాలేదని ఆపి మళ్లీ నొక్కుతారు, అలా నాలుగైదు సార్లు. 9 మీద ఉన్న రిలే మొదటి ప్రయత్నంలోనే పది సెకన్ల దగ్గర పడి, వేడి దిగేదాకా మళ్లీ ఎక్కనివ్వదు. 14 మీద ఉన్నది చాలా ఎక్కువసేపు ఊరుకుంటుంది. సబ్‌మెర్సిబుల్ మోటారు సన్నగా, పొడుగ్గా ఉంటుంది, చుట్టూ నీళ్లు కదులుతుంటేనే చల్లబడుతుంది. తిరగకుండా ఆగిపోయిన మోటారు పక్కన నీళ్లు కదలవు. బయట పెట్టే మామూలు మోటారు ఓర్చుకున్నంత సేపు ఇది ఓర్చుకోలేదు. అందుకే రిలే కొనేటప్పుడు 10 లేదా 10ఏ క్లాసుదే అడగండి, 20 క్లాసు వద్దు.

డయల్ తగ్గిస్తే ఊరికే పడిపోతుందని మీ మెకానిక్ అంటున్నది అబద్ధం కాకపోవచ్చు. కానీ ఊరికే ఏ రిలే పడదు. లో వోల్టేజ్‌లో కరెంటు పెరుగుతుంది. 415 ఉండాల్సిన చోట 350 వస్తుంటే మీ 8.7 కాస్తా 10 దాటుతుంది. అందరూ మోటార్లు వేసే పొద్దుటి వేళ రిలే పడుతోందంటే అది వోల్టేజ్ బాగాలేదని చెబుతోంది. అప్పుడు డయల్ తిప్పడం అంటే కుక్క అరుస్తోందని దాని నోరు కట్టేసి దొంగను లోపలికి రానిచ్చినట్టే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటలూ త్రీ ఫేజ్ ఇస్తున్నారు కాబట్టి, వోల్టేజ్ బాగుండే మధ్యాహ్నమో రాత్రో నడుపుకోవచ్చు. ఎప్పుడూ తక్కువే ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువైందన్నమాట. టంగ్ టెస్టర్ రీడింగ్, వోల్టేజ్ రెండూ రాసుకుని లైన్‌మన్‌కు, ఏఈకి చూపించండి.

ఇక కొనాల్సినవి. 5 హెచ్‌పీకి స్టార్ డెల్టా అక్కర్లేదు, మోటారును నేరుగా లైనుకు కలిపే డీఓఎల్ స్టార్టర్ చాలు. రిలే రేంజి 6 నుంచి 10 ఆంపియర్లది ఉండాలి. షాపులో 9 నుంచి 15ది ఇస్తే తీసుకోకండి. మీకు కావాల్సిన అంకె డయల్ మధ్యలో కానీ కాస్త పైన కానీ ఉండాలి, మొదట్లోనే ఉంటే సరిగా సెట్ చేయలేరు. మూడు ఫేజులకూ మూడు పట్టీలు ఉన్నదా అని అడగండి. పాత వ్యవసాయ స్టార్టర్లలో రెండు ఫేజులకే రిలే ఉండేది. కాయిల్‌కు కరెంటు ఇస్తే లాగి మోటారు లైనును కలిపేది కాంటాక్టర్, అది ఏసీ3 అంటే మోటారు లోడు రేటింగ్‌లో 16 లేదా 18 ఆంపియర్లది తీసుకోండి. 12ది కూడా లెక్క ప్రకారం సరిపోతుంది కానీ లో వోల్టేజ్‌లో కాయిల్ సరిగా లాగక కాంటాక్టులు కొట్టుకుంటాయి, పెద్దదైతే కొంత ఓర్చుకుంటుంది. రాణిగంజ్‌లో కానీ ట్రూప్ బజార్‌లో కానీ ఇవన్నీ విడిగా దొరుకుతాయి.

కాయిల్ 415 వోల్టులదే అడగండి. ఇది ముఖ్యం. 240 వోల్టుల కాయిల్‌కు న్యూట్రల్ కావాలి. పొలంలో న్యూట్రల్ సరిగా ఉండదు, అప్పుడు కొందరు బోరు కేసింగ్‌కో ఎర్తు రాడ్‌కో వైరు చుట్టి దాన్నే న్యూట్రల్‌గా వాడతారు. ఆ ఎర్తు ఎండాకాలంలో ఎండిపోయిందంటే ఆ వైరు కట్టిన ఇనుమంతా ఫేజుగా మారుతుంది. తడి కాళ్లతో వచ్చి డబ్బా తలుపు పట్టుకున్న మనిషి బతకడం కష్టం. ఈ ఒక్క కారణంతో నేను పొలాల్లో 240 కాయిల్ వాడను.

వైరింగ్ మొదలుపెట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపి, టెస్టర్‌తో మూడు ఫేజుల్లోనూ కరెంటు లేదని చూసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ కానీ ఫ్యూజు కానీ మీరు ముట్టుకోవద్దు, మీ మెకానిక్‌నూ ముట్టుకోనివ్వద్దు. దానికి లైన్‌మన్ ఉన్నాడు. ఎంత తొందర ఉన్నా సరే.

కరెంటు వచ్చే దారి ఇలా ఉండాలి. సర్వీసు వైరు మెయిన్ స్విచ్‌లోకి, అక్కడి నుంచి కాంటాక్టర్ పైభాగంలో మూడు టెర్మినళ్లకు, కాంటాక్టర్ కింది మూడింటి నుంచి రిలేలోకి, రిలే కింద నుంచి మోటారు కేబుల్‌కు. మెయిన్ స్విచ్ దగ్గర మూడు విడివిడి కిట్‌క్యాట్ ఫ్యూజులకు బదులు ఒకే పిడి ఉన్న మూడు పోళ్ల 20 లేదా 25 ఆంపియర్ల ఎంసీబీ పెట్టమంటాను. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు మూడు ఫ్యూజుల్లో ఒక్కటే పోతే మన డబ్బాలోనే సింగిల్ ఫేజింగ్ తయారవుతుంది. ఎంసీబీ పడితే మూడూ కలిసి పోతాయి. అయితే ఎంసీబీ షార్ట్ సర్క్యూట్ కోసం, రిలే ఓవర్‌లోడ్ కోసం. ఒకదాని పని ఇంకోటి చేయదు. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు 50, 60 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి ఎంసీబీ కూడా సీ రకమే తీసుకోండి, బీ రకం స్టార్టింగ్‌లోనే పడిపోవచ్చు. కేబుల్ 300, 350 అడుగుల లోతుకు 4 స్క్వేర్ ఎంఎం రాగి ఫ్లాట్ కేబుల్ వేయండి.

ఇప్పుడు అసలు ప్రాణం ఉన్న చోటు, కంట్రోల్ సర్క్యూట్. చాలామంది అనుకునేది ఏమిటంటే రిలే మోటారు కరెంటును తానే కోస్తుందని. అది కోయదు. రిలే లోపల వేడికి పట్టీలు వంగి ఒక చిన్న కాంటాక్టును తెరుస్తాయి, అంతే. ఆ కాంటాక్టు మీద 95, 96 అని అంకెలు ఉంటాయి. అది కాయిల్ దారిలో ఉంటేనే కాయిల్ వదిలేసి కాంటాక్టర్ కింద పడుతుంది, మోటారు ఆగుతుంది. అది దారిలో లేకపోతే రిలే టక్కుమని పడుతుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో ఇబ్రహీంపట్నం వైపు ఒక పొలంలో సరిగ్గా ఈ తప్పే చేశాను. ఆ ప్యానెల్‌లో 95, 96 కాయిల్ రెండో కొన వైపు రావాలి, నేను ఆ కొనను 96 నుంచి తీసుకోవాల్సింది పోయి నేరుగా ఫేజుకు ఇచ్చాను. బటన్లు రెండూ పనిచేశాయి కాబట్టి అంతా బాగుందనుకుని వచ్చేశాను. మూడు నెలలకు మోటారు కాలింది. రిలే మాత్రం ట్రిప్ అయి కూర్చుని ఉంది. ఆ రైతుకు వైండింగ్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి బటన్లు పనిచేశాయని నేను ఏ ప్యానెల్‌నూ అప్పగించను, రిలేను పడగొట్టి చూపిస్తాను.

దారి ఇది. కాంటాక్టర్ పైభాగంలో ఎరుపు ఫేజు నుంచి ఒక సన్న వైరు తీసి 2 ఆంపియర్ల కంట్రోల్ ఫ్యూజుకు ఇవ్వండి. ఫ్యూజు నుంచి రిలే 95కు. 96 నుంచి సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ కాంటాక్టుకు (దాని సంగతి కింద చెబుతాను). అక్కడి నుంచి ఎర్ర బటన్‌కు. ఎర్ర బటన్ మామూలుగా కలిసి ఉండి, నొక్కితే తెరుచుకునేది. దాని నుంచి పచ్చ బటన్‌కు, ఇది మామూలుగా తెరిచి ఉండి, నొక్కితే కలిసేది. పచ్చ బటన్ అవతలి కొన కాయిల్ ఏ1కు. కాయిల్ ఏ2 నుంచి నీలం ఫేజుకు. ఇక కాంటాక్టర్‌లో 13, 14 అని ఉండే చిన్న కాంటాక్టును పచ్చ బటన్ రెండు కొనలకూ అడ్డంగా కలపండి. పచ్చ బటన్ వదిలేశాక కాయిల్‌ను పట్టి ఉంచేది ఇదే. కరెంటు పోతే కాయిల్ వదిలేస్తుంది, తిరిగి వచ్చినా మళ్లీ ఎవరో ఒకరు పచ్చ బటన్ నొక్కాలి.

97, 98 కూడా అక్కడే పక్కన ఉంటాయి. అది రిలే పడినప్పుడు కలిసే కాంటాక్టు, ఎర్ర దీపం పెట్టుకోవడానికి. తొందరలో దీన్ని కాయిల్ దారిలో కలిపేవాళ్లున్నారు. అలా చేస్తే అసలు స్టార్టే కాదు కాబట్టి వెంటనే దొరికిపోతుంది. దొరకని తప్పు నేను పైన చెప్పినది. ఇంకోటి, ఊరికే పడిపోతోందని 95, 96 మధ్య ఒక వైరు ముక్క వేసి కలిపేయడం. మీ పాత డబ్బా పారేసే ముందు తెరిచి అక్కడ చూడండి.

ఇప్పుడు ఒక సంగతి మెకానిక్‌లలో కూడా చాలామందికి తట్టదు. కాయిల్‌ను ఎరుపు, నీలం మధ్య కలిపాం కదా, పసుపు పోతే కాయిల్‌కు ఏమీ తెలియదు. సరే, ఎరుపు పోతే అయినా కాయిల్ వదిలేస్తుంది కదా అనిపిస్తుంది. వదలకపోవచ్చు. తిరుగుతున్న మోటారు పోయిన ఫేజు మీద తానే వోల్టేజ్ పుట్టిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయినా, కాంటాక్టర్ మూసి ఉన్నంతసేపు మోటారు నుంచి వెనక్కి వచ్చిన ఆ వోల్టేజ్ కాయిల్‌కు అందుతూ ఉంటుంది. డబ్బా మీద వోల్ట్‌మీటర్ కూడా దాదాపు మామూలుగానే చూపిస్తుంది. మూడు ఫేజులకూ దీపాలు పెట్టుకున్నా అవీ వెలుగుతూనే ఉంటాయి. అందుకే మీరు పొలంలో ఉన్నా కనిపెట్టలేరు. ఒక్క ఆమ్‌మీటర్ ఉన్న డబ్బాలో అది పోయిన ఫేజులో ఉంటే సున్నా చూపిస్తుంది, మిగిలిన వాటిలో ఉంటే 15 చూపిస్తుంది. రోజూ ఎంత ఉంటుందో తెలిసినవాళ్లకే అది అర్థమవుతుంది.

కాబట్టి రిలే సరిగా పెట్టడం మాత్రమే సరిపోదు, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ కావాలి. వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి వోల్టేజ్ చూసేది. చవక రకం అయితే పైన చెప్పిన వెనక్కి వచ్చే వోల్టేజ్‌కు మోసపోతుంది. రెండోది కరెంటు చూసేది. మోటారుకు వెళ్లే మూడు వైర్లూ దాని రంధ్రాల గుండా పోతాయి, ఒకదాంట్లో కరెంటు లేకపోతే కొన్ని సెకన్లలో కాంటాక్టు తెరుస్తుంది. మీరు కరెంటు రకమే తీసుకోండి. రిలే రెండు నిమిషాలు తీసుకునే చోట ఇది సెకన్లలో పని ముగిస్తుంది. రిలే మాత్రం తీసేయకండి. పంపులో ఇసుక చేరి మూడు ఫేజుల్లోనూ సమానంగా లోడు పెరిగితే ప్రివెంటర్‌కు తేడా కనిపించదు, దాన్ని పట్టేది రిలేనే.

కెపాసిటర్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ సెట్టింగ్ అంతా దీనివల్ల తప్పిపోవచ్చు. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడతారు, పెట్టుకోవాలి కూడా. కానీ చాలా చోట్ల దాన్ని రిలే కింద, మోటారు వైర్లకు కలిపేస్తారు. అప్పుడు మోటారు 9.5 లాగుతుంటే అందులో కొంత కెపాసిటర్ ఇస్తుంది, రిలే గుండా 8 చిల్లర మాత్రమే పోతుంది. రిలే 9.5 మీద ఉంటే, మోటారు దాదాపు 11 లాగేదాకా అది 9.5 కూడా చూడదు. కెపాసిటర్‌ను కాంటాక్టర్‌కూ రిలేకూ మధ్యలో, అంటే రిలే పైన కలపండి. అప్పుడు రిలే చూసేది మోటారు కరెంటునే, మోటారు ఆగితే కెపాసిటర్ కూడా లైను నుంచి తెగుతుంది. ఆపాక కూడా దాంట్లో ఛార్జ్ మిగిలి ఉంటుంది, కొన్ని నిమిషాలు ఆగి చెయ్యి పెట్టండి.

ఎర్తింగ్ క్లుప్తంగా. డబ్బాకు, బోరు కేసింగ్‌కు, ఇనుప డెలివరీ పైపుకు విడి ఎర్తు వైరు కలిపి గుంతలోని ఎర్తుకు తీసుకెళ్లండి. ఫ్లాట్ కేబుల్‌లో మూడు కోర్లే ఉంటాయి, ఎర్తు దాంతో రాదు. డబ్బా ముందు నిలబడే చోట ఎత్తుగా సిమెంటు దిమ్మె వేయించి, రబ్బరు మ్యాట్ పరవండి.

ఇక దించి కలపడం. మోటారు బోరులో దించాక, కేబుల్ స్టార్టర్‌కు కలిపే ముందు ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక్కో వైరునూ ఎర్తుతో చూడండి. కొత్త మోటారు, కొత్త కేబుల్ అయితే చాలా మెగోమ్‌లు రావాలి. 1 మెగోమ్ లోపు వస్తే కేబుల్ జాయింటులో నీళ్లు చేరినట్టే, మళ్లీ పైకి తీయాల్సిందే. మూడు వైర్ల మధ్య రెసిస్టెన్స్ మూడు జతల్లోనూ సమానంగా ఉండాలి.

తర్వాత మోటారు కేబుల్ కలపకుండానే కరెంటు ఇచ్చి కంట్రోల్ చూడండి. ప్రివెంటర్ కరెంటు రకం కాబట్టి ఈ ఒక్క పరీక్షకు దాన్ని దారిలోంచి తప్పించండి, లేకపోతే కరెంటు లేదని అదే పడిపోతుంది. పచ్చ బటన్ నొక్కి వదిలితే కాంటాక్టర్ పట్టుకుని ఉండాలి. ఎర్ర బటన్‌కు వదలాలి. మళ్లీ ఎక్కించి, రిలే మీద ఉండే చిన్న టెస్ట్ మీటను నొక్కండి. కాంటాక్టర్ టక్కున పడాలి. పడకపోతే 95, 96 దారిలో లేవు. ఈ పరీక్ష మీ కళ్ల ముందు చేయించుకోండి, ఇది అయ్యాకే డబ్బులు ఇవ్వండి. పరీక్ష కాగానే ప్రివెంటర్‌ను మళ్లీ దారిలో పెట్టించడం మర్చిపోవద్దు.

మోటారు కలిపాక రిలేను ముందు 9.5 మీద, అంటే నేమ్‌ప్లేట్ అంకె మీద పెట్టి నడపండి. నీళ్లు తక్కువ వస్తే మోటారు తిరగబడి తిరుగుతోందన్నమాట, వెంటనే ఆపి రిలే కింద ఏవైనా రెండు వైర్లు మార్చండి. పదిహేను నిమిషాలు నడిచాక, వోల్టేజ్ 400 పైన ఉన్నప్పుడు, మూడు వైర్లలోనూ టంగ్ టెస్టర్ పెట్టి చూడండి. 8.6, 8.9, 8.7 ఇలా వస్తే మంచిది. మూడింట్లో ఎక్కువ ఉన్నది తీసుకుని దాని మీదనే, అంటే 9 దగ్గర డయల్ పెట్టండి. నేమ్‌ప్లేట్ అంకెను ఏ పరిస్థితిలోనూ దాటవద్దు. మూడింటి మధ్య తేడా ఒక ఆంపియరు దాకా ఉంటే లైనులోనే వోల్టేజ్ తేడా ఉందేమో చూడాలి.

రిలే నిజంగా వేడికి పడుతుందో చూడడానికి నేను చేసే పని ఒకటుంది. మెయిన్ ఆపి డయల్‌ను 6 మీద పెట్టి, తలుపు మూసి, మోటారు వేస్తాను. 8.7 అంటే 6కు 1.45 రెట్లు. కొన్ని నిమిషాల్లో పడిపోవాలి. పది నిమిషాలైనా పడకపోతే ఆ రిలే మార్చేయండి, కొత్తదైనా సరే. పడితే మళ్లీ మెయిన్ ఆపి 9కి తెచ్చేస్తాను. ప్రివెంటర్ పరీక్షకు మెయిన్ ఆపి, ఎంసీబీ కింద పసుపు వైరు ఒక్కటి విప్పి కొనకు టేపు చుట్టండి. వేలు ఎర్ర బటన్ మీద ఉంచి పచ్చది నొక్కండి. కొన్ని సెకన్లలో తానే పడాలి. ఐదు సెకన్లు దాటితే ఆపేయండి. ఇది ఒక్కసారే చేయండి, పదేపదే కాదు. నడుస్తున్న మోటారు నుంచి ఫ్యూజు లాగి పరీక్షించడం మాత్రం ఎప్పుడూ వద్దు, మెరుపు ముఖం మీదకు వస్తుంది.

రిలే మీద రీసెట్‌కు చేతితో, దానంతట అది అని రెండు స్థానాలుంటాయి. చేతితో అన్న దాని మీదే ఉంచండి. ముఖ్యంగా ఆటో స్టార్టర్ ఉన్న చోట, రిలే తానే రీసెట్ అయితే పడడం, చల్లారడం, మళ్లీ ఎక్కడం అలా మోటారు పూర్తిగా కాలేదాకా జరుగుతుంది. మీరు హైదరాబాద్ నుంచి రోజూ వెళ్లలేరు కాబట్టి ఆటో స్టార్టర్ పెట్టాలని అనిపిస్తుంది. 24 గంటల కరెంటు మొదలైనప్పటి నుంచి వాటిని తీసేయమని ప్రభుత్వం రైతులను అడుగుతూనే ఉంది. కరెంటు రాగానే ఊళ్లో మోటార్లన్నీ ఒకేసారి ఎక్కితే ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతుంది, మీ మోటారు కాలడానికి కారణమైన ఆ ఒక్క ఫేజు అలాగే పోతుంది.

చివరగా, వీటిలో ఏదీ చూసుకోని ప్రమాదం ఒకటి ఉంది. మన చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు అంతా రాతి నేల, బోరులో నీళ్లు పగుళ్ల నుంచి నెమ్మదిగా ఊరుతాయి. ఎండాకాలంలో నీటి మట్టం పంపు కిందికి పోతే మోటారు మీద లోడు తగ్గుతుంది, 8.7 ఉన్నది 5, 6కు పడిపోతుంది. ఓవర్‌లోడ్ రిలేకు అది హాయిగా ఉన్నట్టే లెక్క. కానీ నీళ్లు లేక లోపల బుష్‌లు, బేరింగు అరిగిపోతాయి. ప్రివెంటర్‌తో పాటు డ్రై రన్ కూడా ఉన్నది తీసుకుని, మీ మామూలు కరెంటులో నాలుగింట మూడు వంతుల దగ్గర, అంటే 6.5 మీద పెట్టండి. పడ్డాక గంటో రెండు గంటలో ఆగి, నీరు ఊరాక వేయమని అక్కడ చూసుకునే మనిషికి చెప్పండి. మూడు ఫేజుల రీడింగులు, ఆ రోజు వోల్టేజ్, డయల్ 9, డ్రై రన్ 6.5, తేదీ ఒక కాగితం మీద రాసి డబ్బా తలుపు లోపల అంటించండి. వచ్చే ఏడాది ఎవరైనా డయల్ తిప్పితే ఆ కాగితం చూసి మీకు తెలిసిపోతుంది.